థీసిస్ డ్రాఫ్ట్‌కి గడువు పెంచమని గైడ్‌కి మెయిల్ ఎలా రాయాలి, కొత్త టైమ్‌టేబుల్ ఎలా వేయాలి?

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ అగ్రికల్చర్, సాయిల్ సైన్స్ రెండో సంవత్సరం. రబీ మొక్కజొన్న మీద ప్రయోగం, 8 ట్రీట్‌మెంట్లు, 3 రెప్లికేషన్లు. జులై 31కి డ్రాఫ్ట్ మొత్తం మేడమ్‌కి ఇవ్వాలి. యూనివర్సిటీకి చివరి తేదీ సెప్టెంబర్ 30. ల్యాబ్‌లో నత్రజని డైజెషన్ యూనిట్ మూడు వారాలు పాడై జులై 11న బాగైంది. 96 మొక్కల శాంపిళ్లలో 36 అయ్యాయి (మోకాలెత్తు దశవి 24, పూత దశవి 12). వాటికి ఆరు రోజులు పట్టింది. యూనిట్ నాకు వారానికి మూడు రోజులే. మట్టి శాంపిళ్లు, మొదటి మూడు అధ్యాయాలు దాదాపు పూర్తి. యూనిట్ పాడైందని మేడమ్‌కి తెలుసు, నా పని ఎంత మిగిలిందో తెలీదు. ఇదీ నేను రాసుకున్న మెయిల్: "గౌరవనీయులైన మేడమ్, కొన్ని అనివార్య కారణాల వల్ల నా థీసిస్ డ్రాఫ్ట్ ఆలస్యమవుతోంది. దయచేసి కొంత సమయం ఇవ్వగలరని ప్రార్థిస్తున్నాను." కొత్త టైమ్‌టేబుల్ కూడా పెట్టమని సీనియర్ అన్నాడు. ఎలా వేయాలి, ఎన్ని రోజులు అడగాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

ఆ మెయిల్ పంపకండి. మర్యాదకేం లోటు లేదు కానీ, అది చదివాక మేడమ్ చేయగలిగిందేమీ లేదు. అనివార్య కారణాలంటే ఏంటని అడగాలి, కొంత సమయమంటే ఎంతని అడగాలి, ఇప్పటికి ఏం అయిందని అడగాలి. ఆ ప్రశ్నలన్నీ ఆమె టైపు చేసే బదులు "వచ్చి కలువు" అని ఒక్క ముక్క రాస్తారు. అప్పుడు మీరు చేతిలో లెక్క లేకుండా వెళ్లి ఆమె ఎదురుగా నిలబడతారు.

నేను చాలా ఏళ్లు పీజీ విద్యార్థులకు మేజర్ అడ్వైజర్‌గా ఉన్నాను. ఇలాంటి మెయిల్ వచ్చినప్పుడు గైడ్ మనసులో మొదట మెదిలేది మీ కష్టం కాదు, కొంచెం కఠినంగా అనిపించినా నిజం అదే. శాంపిళ్లు పాడవకుండా ఉన్నాయా? రిపేరుకు ముందు వచ్చిన విలువలు, తర్వాత వచ్చే విలువలు కలిపి వాడొచ్చా? నేను ఇప్పుడే చదవడానికి ఏదైనా ఉందా? సెప్టెంబర్ 30 నిలబడుతుందా? ఈ నాలుగింటికీ మెయిల్‌లోనే జవాబు దొరికితే అనుమతి ఇవ్వడం ఆమెకు రెండు నిమిషాల పని.

ముందుగా ఒక తేడా చూసుకోండి. జులై 31 మేడమ్ పెట్టిన తేదీ, దాన్ని ఆమె మార్చగలరు. సెప్టెంబర్ 30 యూనివర్సిటీ తేదీ, అది ఆమె చేతిలో లేదు. అది దాటితే మెయిల్ సరిపోదు. మేడమ్, హెడ్ సంతకాలతో పీజీ డీన్ ఆఫీసుకి దరఖాస్తు వెళ్లాలి, మామూలుగా అయితే తర్వాతి సెమిస్టర్‌కి మళ్లీ రిజిస్ట్రేషన్, ఫీజు కూడా ఉంటాయి. అందుకే మీరు అడిగేది మొదటి తేదీ మార్పు మాత్రమేనని, రెండోది కదలదని మెయిల్‌లో స్పష్టంగా ఉండాలి. "ఎక్స్‌టెన్షన్" అన్న మాట ఒక్కటే వాడితే మీరు సెమిస్టర్ పొడిగింపు అడుగుతున్నారని ఆమె అనుకునే ప్రమాదం ఉంది.

ఇక టైమ్‌టేబుల్. చాలామంది క్యాలెండర్ తీసుకుని "ఆగస్టు 10కి అనాలిసిస్ పూర్తి, 20కి రాత పూర్తి" అని తోచిన తేదీలు వేస్తారు. అలా వేసినవి రెండో వారానికే తప్పిపోతాయి. మీ పని వేగం ఎంతో మీ ల్యాబ్ నోట్‌బుక్‌లోనే ఉంది, అక్కడి నుంచి మొదలుపెట్టండి.

మీది 12 ట్యూబుల బ్లాక్ అనుకుందాం. ఒక బ్లాంక్, విలువ తెలిసిన చెక్ శాంపిల్ ఒకటి పోతే పది మిగులుతాయి. ప్రతి శాంపిల్‌కీ రెండేసి ట్యూబులు పెడితే బ్యాచ్‌కి ఐదు శాంపిళ్లు. రోజుకు రెండు బ్యాచ్‌లంటే పది. కాగితం మీద లెక్క ఇలాగే వస్తుంది. కానీ మీరే రాశారు, 36 శాంపిళ్లకు ఆరు రోజులు పట్టిందని. అంటే రోజుకు ఆరు. మిగతా నాలుగు ఎక్కడికి పోయాయి? డైజెషన్‌లో పన్నెండు ట్యూబులు ఒకేసారి మరుగుతాయి గానీ, డిస్టిలేషన్ ఒక్కో ట్యూబుకీ విడిగా చేయాలి. టైట్రేషన్‌తో కలిపి ఒక్కోదానికి ఎనిమిది, పది నిమిషాలు వేసుకోండి, 24 ట్యూబులకు నాలుగు గంటలవుతుంది. బ్లాక్ వేడెక్కాలి, ట్యూబులు చల్లారాలి. రెండో బ్యాచ్ డిస్టిలేషన్ మర్నాటికి పడుతుంది, మర్నాడు యూనిట్ ఇంకొకరిది. కాబట్టి టైమ్‌టేబుల్‌లో పది అని రాయకండి, ఆరు అనే రాయండి. మేడమ్ కూడా ఒకప్పుడు ఇదే ల్యాబ్‌లో పనిచేసే ఉంటారు, రోజుకు పది అని చూడగానే మీరు లెక్క వేయలేదని ఆమెకు తెలిసిపోతుంది.

మిగిలినవి 60. రోజుకు ఆరు చొప్పున పది రోజులు, వారానికి మూడు రోజులే దొరుకుతాయి కాబట్టి మూడు వారాలు దాటుతుంది. దీనికి రెండు కలపాలి. మొదటిది రిపేరు తర్వాత చెక్. కొత్తగా బాగైన యూనిట్‌లో నేరుగా కొత్త శాంపిళ్లు పెట్టేయకండి. ముందు చేసిన 36లో మూడు నాలుగు తీసి మళ్లీ డైజెస్ట్ చేయండి. పాత విలువలే దగ్గరగా వస్తే రెండు విడతల డేటా కలపొచ్చు. డిస్టిలేషన్ వైపు సరిగ్గా ఉందో లేదో చూడటానికి స్వచ్ఛమైన అమ్మోనియం సల్ఫేట్ తూచి పెట్టండి, అందులో నత్రజని 21.2 శాతం, అది దాదాపు పూర్తిగా తిరిగి రావాలి. దీనికి ఒక రోజు. ఇది చేయకపోతే వైవాలో ఎవరైనా "పూత దశ శాంపిళ్లు సగం ముందు, సగం తర్వాత చేశావు కదా, తేడా యూనిట్‌దా, ట్రీట్‌మెంట్‌దా?" అని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

రెండోది రిపీట్లు. రెండు ట్యూబుల విలువలు కలవని శాంపిళ్లు కొన్ని వస్తాయి. నురగ పొంగి గొట్టం మెడకు పొడి అంటుకోవడమో, డిస్టిలేషన్‌లో ఎక్కడో లీకవ్వడమో కారణం కావచ్చు. పదింటిలో ఒకటి అలా వస్తుందనుకున్నా ఆరు శాంపిళ్లు, ఒక రోజు పని. రెండు రోజులు పెట్టుకోండి.

ఇప్పుడు వరస. మీరు పూత దశ శాంపిళ్ల మధ్యలో ఆగారు కాబట్టి అక్కడి నుంచే కొనసాగించాలనిపిస్తుంది. అలా చేయకండి. కోత దశ గింజ 24, చొప్ప 24 ముందు చేయండి. మీ థీసిస్‌లో ముఖ్యమైన పట్టికలు నిలబడేది వాటి మీదే. ఉదాహరణకు ఒక ప్లాట్‌లో గింజ హెక్టారుకు 7,000 కిలోలు, అందులో నత్రజని 1.5 శాతం అయితే మొక్క తీసుకున్నది 105 కిలోలు. చొప్ప 6,000 కిలోలు, నత్రజని 0.6 శాతం అయితే ఇంకో 36. మొత్తం 141 కిలోలు. వేసిన ఎరువు పంటకు ఎంత అందిందన్న లెక్కలన్నీ ఈ మొత్తం మీద ఆధారపడతాయి. గింజ ఉండి చొప్ప లేకపోతే ఆ పట్టిక లేనట్టే. అదే పూత దశవి పన్నెండు చివరికి ఆలస్యమైనా, మేడమ్ మిగతా అధ్యాయం చదవగలరు.

ఈ దశలో కొందరికి వచ్చే ఆలోచన ఒకటుంది, అది మీకూ వచ్చి ఉండొచ్చు: మూడు రెప్లికేషన్లలో రెండే చేసేస్తే పని తగ్గుతుంది కదా అని. వద్దు. 8 ట్రీట్‌మెంట్లు, 3 రెప్లికేషన్ల ఆర్‌బీడీలో ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 14. రెండు రెప్లికేషన్లకు దిగితే 7. నిజంగా ఉన్న తేడాలు కూడా నాన్ సిగ్నిఫికెంట్ అని వస్తాయి, రెండేళ్ల పని నీరుగారుతుంది. రెండేసి ట్యూబుల బదులు ఒకటే పెట్టడం కూడా ఇలాంటిదే, తప్పు వచ్చినా కనిపించదు. ఒకవేళ తగ్గించక తప్పకపోతే మొత్తంగా పూత దశను వదలాలి. అయితే అది ఆమోదం పొందిన సినాప్సిస్‌లో ఉంటుంది కాబట్టి నిర్ణయం మేడమ్‌ది, అడ్వైజరీ కమిటీది. మెయిల్‌లో మీరు దాన్ని ప్రతిపాదించకండి. ఆమే అంటే అప్పుడు చూడొచ్చు.

ఈ లెక్కతో, జులై 21తో మొదలయ్యే వారంలో చెక్, 12 శాంపిళ్లు. తర్వాతి వారం 18, ఆ తర్వాత 18. అంటే ఆగస్టు 9కి కోత దశ 48 పూర్తి. ఆగస్టు 11 వారంలో 15 సెలవు, పూత దశ 12 పూర్తిచేసి ఒక రోజు రిపీట్లు. ఆగస్టు 20కి రిపీట్లతో సహా అంతా ముగింపు. యూనిట్ లేని రోజులు ఖాళీగా ఉండవు, అప్పుడు రాయాలి. పట్టికలు, అనోవా ఆగస్టు 23కి, మిగిలిన ఫలితాలు, చర్చ ఆగస్టు 30కి.

ఇప్పుడు అవతలి చివర నుంచి వెనక్కి రండి. ఈ భాగం విద్యార్థులు దాదాపు ఎవరూ వేయరు, గైడ్‌కి కావాల్సింది ఇదే. సెప్టెంబర్ 30న ఇవ్వాలంటే 27కి బైండింగ్, సంతకాలు అయిపోవాలి. కమిటీ మెంబర్లలో ఒకరు ఆ వారం క్యాంపులో ఉంటే సంతకానికే రెండు రోజులు తిరగాలి. సిమిలారిటీ చెక్‌కి లైబ్రరీలో వరస ఉంటుంది, సెప్టెంబర్ 22 నుంచి 24 వరకు దానికి ఉంచండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పది శాతం లోపు ఉంటే ఇబ్బంది లేదు. పది దాటి నలభై లోపు వస్తే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, దానికి ఆరు నెలలు మించని గడువు పెడతారు. హడావిడిగా రాసిన రివ్యూ ఆఫ్ లిటరేచర్‌లోనే ఎక్కువగా ఇది బయటపడుతుంది. మొదటి మూడు అధ్యాయాలు ఇప్పుడే మేడమ్ చేతిలో పెట్టమనడానికి అదొక కారణం. మెంబర్లకు చదవడానికి సెప్టెంబర్ 13 నుంచి 20. మేడమ్ దిద్దినవి మీరు సరిచేయడానికి 10 నుంచి 13. మేడమ్ చదవడానికి పది రోజులు, ఆగస్టు 31 నుంచి సెప్టెంబర్ 9.

ముందు నుంచి లెక్కేసినా ఆగస్టు 30, వెనక నుంచి లెక్కేసినా ఆగస్టు 30. చూడ్డానికి కుదిరినట్టే ఉంది గానీ, అది మంచి వార్త కాదు. మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ లేదని దాని అర్థం. మీకు రెండు రోజులు జ్వరం వచ్చినా, యూనిట్ మళ్లీ మొరాయించినా ఆ భారం మేడమ్ చదివే రోజుల మీద పడుతుంది. మిగిలిందల్లా చివర్లో 27 నుంచి 30 వరకు ఉన్న మూడు రోజులు. ఇది ఆమెకు దాచకండి, చెప్పండి.

చెప్పాక, గడువుకంటే విలువైనది ఒకటి అడగండి. యూనిట్ వారానికి మూడు రోజుల బదులు ఐదు రోజులు దొరికితే ఏమవుతుందో చూడండి. మొదటి వారం చెక్ పోను నాలుగు రోజులు, 24 శాంపిళ్లు. రెండో వారం 30. మూడో వారం మొదటి రోజుకు 60 పూర్తి, ఇంకో రెండు రోజుల్లో రిపీట్లు. ఆగస్టు 6కి అనాలిసిస్ అయిపోతుంది. పట్టికలు 9కి, అధ్యాయం 16కి. సరిగ్గా రెండు వారాలు కలిసొస్తాయి. ఆ రెండు రోజులు ఎవరి దగ్గరున్నాయో మీకు తెలుసు, బహుశా ఒక పీహెచ్‌డీ సీనియర్ దగ్గర. మీరు అడిగితే మొహమాటపడి "చూద్దాంలే" అంటారు. మేడమ్ ఆ స్కాలర్ గైడ్‌తో ఒక మాట అంటే అయిపోతుంది. ఆమె మాత్రమే చేయగల పని అది. గైడ్‌కి రాసే మెయిల్‌లో ఇలాంటి ఒక విన్నపం ఉంటే ఆమె కేవలం అనుమతి ఇచ్చే మనిషిగా కాకుండా పని ముందుకు నడిపే మనిషిగా జవాబిస్తారు. నా దగ్గరికి వచ్చిన వాటిలో నేను వెంటనే జవాబిచ్చినవి ఎక్కువగా ఇలాంటివే.

ఇదంతా పెట్టి రాస్తే మెయిల్ ఇలా ఉంటుంది. మీరు ఇంగ్లీషులోనే పంపుతారు కాబట్టి మాటలు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, వరస మాత్రం ఇదే ఉంచండి.

సబ్జెక్ట్: థీసిస్ డ్రాఫ్ట్, జులై 31న మొదటి భాగం, మిగతాది ఆగస్టు 30కి ఇవ్వడానికి అనుమతి కోసం

నమస్కారం మేడమ్,

జులై 31కి డ్రాఫ్ట్ మొత్తం ఇవ్వలేకపోతున్నాను. 1, 2, 3 అధ్యాయాలు, నాలుగో అధ్యాయంలో పంట ఎదుగుదల, దిగుబడి, మట్టి ఫలితాలు జులై 31న ఇస్తాను. నత్రజని గ్రహణం ఫలితాలు, చర్చ ఆగస్టు 30న ఇవ్వడానికి మీ అనుమతి కోరుతున్నాను. సెప్టెంబర్ 30 సబ్మిషన్ తేదీలో మార్పు అడగడం లేదు.

డైజెషన్ యూనిట్ మూడు వారాలు ఆగడంతో 96 మొక్కల శాంపిళ్లలో 36 మాత్రమే అయ్యాయి. యూనిట్ ఆగిన వారంలోనే ఈ సంఖ్య మీకు చెప్పాల్సింది, చెప్పలేదు, క్షమించండి. మిగిలిన 60 ఆరబెట్టి, పొడి చేసి, మూత బిగించి ఉన్నాయి, తూచే ముందు మళ్లీ ఓవెన్‌లో పెడతాను. యూనిట్ బాగయ్యాక పాత శాంపిళ్లు నాలుగు తిరిగి చేసి, విలువలు కలుస్తున్నాయో లేదో మీకు చూపించాకే కొత్తవి మొదలుపెడతాను.

రోజుకు ఆరు శాంపిళ్లు, వారానికి మూడు రోజుల లెక్కన కొత్త టైమ్‌టేబుల్:

జులై 21–26: చెక్, కోత దశ 12
జులై 28–ఆగస్టు 2: కోత దశ 18, జులై 31న మొదటి భాగం మీకు
ఆగస్టు 4–9: కోత దశ 18, దీంతో గింజ, చొప్ప పూర్తి
ఆగస్టు 11–20: పూత దశ 12, రిపీట్లు
ఆగస్టు 23: నత్రజని పట్టికలు మీకు
ఆగస్టు 30: మిగిలిన ఫలితాలు, చర్చ మీకు
ఆగస్టు 31–సెప్టెంబర్ 9: మీరు చదవడానికి
సెప్టెంబర్ 10–20: సవరణలు, కమిటీ మెంబర్లు
సెప్టెంబర్ 22–27: సిమిలారిటీ చెక్, బైండింగ్, సంతకాలు

ఇందులో చివరి మూడు రోజులు తప్ప ఖాళీ లేదు మేడమ్. ఆగస్టు 6 వరకు యూనిట్ నాకు వారానికి ఇంకో రెండు రోజులు దొరికితే పూర్తి డ్రాఫ్ట్ ఆగస్టు 16కే ఇవ్వగలను. దానికి మీరు ఒక మాట సాయం చేయగలరా?

ప్రతి శనివారం ఎన్ని శాంపిళ్లు అయ్యాయో మీకు తెలియజేస్తాను. ఆగస్టు 2కి కోత దశవి 30 కాకపోతే ఆ రోజే మిమ్మల్ని కలుస్తాను.

ఇట్లు, మీ పేరు, ఐడీ నంబర్.

కొన్ని మాటలు కావాలనే అలా పెట్టాను. మొదటి పేరాలోనే ఏది ఇస్తారో, ఏది ఇవ్వలేరో, కొత్త తేదీ ఏదో వచ్చేశాయి. క్లాసుకి నడుస్తూ ఫోన్‌లో చదివినా విషయం అందుతుంది. టైమ్‌టేబుల్ ఎక్సెల్ ఫైలుగా జత చేయకండి, అది ఫోన్‌లో చదవడం ఇబ్బంది, సిస్టమ్ దగ్గరికి వెళ్లాక చూద్దామని ఆగుతారు, ఇక అది మరుగున పడుతుంది. శాంపిళ్లు భద్రంగా ఉన్నాయన్న వాక్యం మీకు చిన్నదిగా అనిపించొచ్చు. ఆరిన పొడిలో మొత్తం నత్రజని ఈ కాస్త ఆలస్యానికి మారదు, కానీ వానాకాలంలో పొడి తేమ పీల్చుకుంటుంది, తూకం తప్పుతుంది. గైడ్ మొదట భయపడేది దానికే. క్షమాపణ ఒక్క వాక్యంలో అయిపోయింది. అంతకంటే పొడిగిస్తే ఆమె మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది, అసలు విషయం పక్కకు పోతుంది.

ఆగస్టు 23న పట్టికలు విడిగా ఇస్తానన్నది కూడా మీ కోసమే. అంకెలు చూసి మేడమ్ "ఈ ట్రీట్‌మెంట్ విలువ అనుమానంగా ఉంది, మళ్లీ చూడు" అంటే, మీరు అప్పటికి చర్చ రాసేసి ఉండరు. ఆగస్టు 30న అధ్యాయంతో పాటే మొదటిసారి పట్టికలు చూపిస్తే, ఒక్క అంకె మారినా పది పేజీలు తిరగరాయాలి.

పంపే ముందు ఒకసారి వెళ్లి కలవండి. మన డిపార్ట్‌మెంట్లలో ఇలాంటిది మొదట మెయిల్‌లో తెలిస్తే కొందరికి నొచ్చుకున్నట్టు ఉంటుంది. రెండు నిమిషాలు చాలు: "మేడమ్, 60 శాంపిళ్లు మిగిలాయి, వివరంగా మెయిల్ పెడుతున్నాను" అనండి. సాయంత్రం లోపు మెయిల్ వెళ్లాలి. ఊరికే మాటతో వదిలేస్తే రెండు నెలల తర్వాత ఏ తేదీ అనుకున్నారో ఇద్దరికీ గుర్తుండదు. వాట్సాప్‌లో ఇంత పొడవైనది పంపకండి, "మెయిల్ పెట్టాను మేడమ్" అని ఒక మెసేజ్ చాలు. హెడ్‌కి గానీ కమిటీ మెంబర్లకు గానీ కాపీ పెట్టొద్దు. పెట్టమని ఆమే చెప్పాలి, లేకపోతే పైవాళ్లకు ఫిర్యాదు చేసినట్టు ఉంటుంది, పైగా ఇందులో యూనిట్ పాడైన సంగతి ఉంది.

జవాబు రకరకాలుగా రావచ్చు. "సరే" అని వస్తే, "ధన్యవాదాలు మేడమ్, జులై 31న మొదటి భాగం, ఆగస్టు 30న మిగతాది ఇస్తాను" అని అదే మెయిల్ కింద తిరిగి రాయండి, తేదీలు రికార్డులో ఉంటాయి. "చూద్దాం" అంటే అది అనుమతి కాదు. జులై 31న మొదటి భాగం చేతిలో పెట్టి అప్పుడు మళ్లీ అడగండి, వంద పేజీలు బల్ల మీద ఉన్నప్పుడు ఆ మాట వేరేగా వస్తుంది. రెండు పనిరోజుల్లో ఏ జవాబూ రాకపోతే ఇంకో మెయిల్ వద్దు, టైమ్‌టేబుల్ ఒక కాగితం మీద ప్రింట్ తీసుకుని వెళ్లండి. ఆమె పెన్ను తీసి తేదీలు దిద్దితే దాన్నే ఫొటో తీసి మెయిల్‌కి జత చేయండి. "కాదు, ఆగస్టు 15కే కావాలి" అంటే వెంటనే ఒప్పేసుకోకండి. రోజుకు ఆరు, వారానికి మూడు రోజులన్న లెక్క చూపించి, యూనిట్ రోజులు పెరిగితే 16కి ఇవ్వగలనని చెప్పండి. లెక్క ముందుంటే మాట అంకెల మీద నడుస్తుంది.

జవాబు కోసం కాచుకుని కూర్చోకుండా చెక్ శాంపిళ్లు ఈ వారమే తూచి పెట్టుకోండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.